స్లాట్ ముందు ఖాయం చేయండి, ప్రశ్నలు ఆ తర్వాత

నమస్కారం. ఈ పూట నేను మాట్లాడబోయేది ఒకే ఒక్క మెయిల్ గురించి. రెజ్యుమే ఎలా రాయాలి, ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి అన్నవి మీరు చాలాచోట్ల విని ఉంటారు. ఆ రెండింటికీ మధ్యలో ఒక చిన్న జవాబు రాయాల్సి వస్తుంది. కంపెనీ నుంచి "ఈ రెండు టైముల్లో మీకు ఏది వీలవుతుంది?" అని మెయిల్ వస్తుంది. మీరు ఒక టైముకు ఒప్పుకోవాలి. అదే జవాబులో ఇంటర్వ్యూ ఏ పద్ధతిలో జరుగుతుంది, ఎవరెవరు కూర్చుంటారు అని కూడా అడగాలి. చాలామంది ఈ రెండో పని చేయరు, అడిగితే ఏమనుకుంటారో అని. ఇంకొందరు అడుగుతారు గానీ, అడిగే తీరు వల్ల స్లాటే చేజారుతుంది.

నేను చాలా ఏళ్లుగా ఇంటర్వ్యూలు కుదిర్చే డెస్క్‌లో పనిచేస్తున్నాను. అంటే ఆ మెయిల్ అందుకునే వైపు ఉన్నాను. అందుకే ముందు అటువైపు ఏం జరుగుతుందో చెబుతాను. అది తెలిస్తే మీ జవాబు ఎలా ఉండాలో మీకే అర్థమవుతుంది.

మీకు టైము పంపే ముందు కోఆర్డినేటర్ ఇంటర్వ్యూ చేసేవాళ్ల క్యాలెండర్లు తెరిచి చూస్తారు. ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాళ్లందరికీ ఒకేసారి ఖాళీగా ఉన్న గంట వెతకడం తేలిక కాదు. ఒకరికి మీటింగ్, ఒకరు సెలవు, ఇంకొకరు వేరే దేశం. దొరికిన గంటను తాత్కాలికంగా పట్టి ఉంచి మీకు రాస్తారు. మీ నుంచి "సరే" రాగానే అసలు ఇన్వైట్ అందరికీ వెళుతుంది. రాకపోతే ఆ గంట గాల్లోనే ఉంటుంది. ఈలోగా ఇంకో మీటింగ్ దాని మీద పడవచ్చు, లేదా అదే పోస్టుకు ఇంకో అభ్యర్థికి ఆ టైము వెళ్లవచ్చు. కాబట్టి మీ జవాబు తెరవగానే కోఆర్డినేటర్ కళ్లు వెతికేది ఒక్క విషయం కోసమే: ఒప్పుకున్నారా, లేదా?

ఇక్కడే తేడా వస్తుంది. నేను చూసిన జవాబుల్లో చాలా వరకు ఇలా ఉంటాయి: "అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. ఇంటర్వ్యూ ఎవరు చేస్తారు, ఏ టాపిక్స్ అడుగుతారు, కోడింగ్ ఉంటుందా, ఇంకా ఎన్ని రౌండ్లు ఉంటాయి అన్నది చెబితే నేను నా వీలు చూసి కన్ఫర్మ్ చేస్తాను." రాసినవాళ్లు మర్యాదగానే రాశారు. కానీ అటువైపు కూర్చున్న మనిషికి ఇందులో ఒప్పుకోలు కనిపించదు. నాలుగు ప్రశ్నలు కనిపిస్తాయి. వాటిలో రెండింటికి జవాబు ఆమెకు తెలియదు, మేనేజర్‌ని అడగాలి. మేనేజర్ సాయంత్రం దాకా చూడరు. స్లాట్ ఖాయం కాకుండా ఆ రోజు గడిచిపోతుంది. అడిగినందుకు ఎవరికీ కోపం రాలేదు. ప్రశ్నల వెనక ఒప్పుకోలు ఇరుక్కుపోయింది, అంతే.

ఇప్పుడు ఒక కేసు తీసుకుందాం. ఒక అభ్యర్థిని ఊహించుకోండి. హైదరాబాద్‌లో డేటా ఎనలిస్ట్‌గా 3 ఏళ్ల అనుభవం. పగలు ఉద్యోగం, రాత్రి ఇంటర్వ్యూలు. కొత్త కంపెనీ టీమ్‌లో సగం మంది అమెరికా తూర్పు తీరంలో ఉన్నారు. 2025 అక్టోబర్ 27, సోమవారం నాడు ఆమెకు మెయిల్ వచ్చింది. రెండో రౌండ్‌కు రెండు స్లాట్లు ఇచ్చారు: అక్టోబర్ 30 గురువారం, నవంబర్ 4 మంగళవారం. రెండింటికీ అక్కడి టైము ఉదయం 10:30 అనే ఉంది.

చూడగానే రెండూ ఒకటే అనిపిస్తుంది. కావు. అమెరికాలో వేసవి కోసం ముందుకు జరిపిన గడియారాన్ని నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. ఆ ఏడాది అది నవంబర్ 2. అంటే గురువారం నాటి 10:30 మనకు రాత్రి 8 గంటలు. మంగళవారం నాటి 10:30 మనకు రాత్రి 9 గంటలు. మన దేశంలో గడియారం మార్చం కాబట్టి ఇది మనకు తట్టదు. పైగా అక్కడివాళ్లు చాలామంది ఏడాది పొడవునా ఈఎస్‌టీ అనే రాస్తారు, అది నిజానికి చలికాలం టైముకే పేరు. గురువారానికి అలా రాసి ఉంటే, అక్షరాలా లెక్కవేసుకున్న మనిషి రాత్రి 9కి లాగిన్ అవుతుంది. అప్పటికి ఇంటర్వ్యూ టైమే అయిపోయి ఉంటుంది.

అందుకే జవాబులో టైము రెండు వైపులా రాయాలి. వారం, తేదీ, మన టైము, వాళ్ల టైము, నాలుగూ ఉండాలి. మీరు పొరబడినా, వాళ్లు పొరబడినా, ఆ ఒక్క వాక్యం చదివినవాళ్లు పట్టుకుంటారు.

ఆమె రాసిన జవాబు ఇది. మెయిల్ ఇంగ్లిష్‌లోనే రాస్తారు, విషయం మాత్రం తెలుగులో చదువుతాను.

"నమస్తే. స్లాట్లు పంపినందుకు థాంక్స్. అక్టోబర్ 30, గురువారం, ఇండియా టైము రాత్రి 8 నుంచి 9 వరకు, అంటే మీ వైపు ఉదయం 10:30 నుంచి 11:30 వరకు, నాకు వీలవుతుంది. దయచేసి ఈ స్లాట్ ఖాయం చేయండి. ఇన్వైట్ ఇదే మెయిల్ ఐడీకి పంపవచ్చు.

ప్రిపేర్ కావడానికి రెండు విషయాలు తెలిస్తే నాకు ఉపయోగపడతాయి. ఈ గంటలో లైవ్‌గా ఎస్‌క్యూఎల్ రాయాల్సి ఉంటుందా, లేక నేను చేసిన ప్రాజెక్టుల మీద చర్చ ఉంటుందా? ఇంటర్వ్యూలో ఎవరెవరు ఉంటారు? పేర్లు చెప్పే వీలు లేకపోతే వాళ్ల రోల్ చెప్పినా చాలు.

ఈ వివరాలు తర్వాత పంపినా ఇబ్బంది లేదు. స్లాట్ మాత్రం ఇదే ఉంచండి. నా ఫోన్ నంబర్ కింద ఇచ్చాను."

అంతే. అదే మెయిల్‌కి జవాబుగా పంపింది, కొత్త మెయిల్ మొదలుపెట్టలేదు. కాపీలో రిక్రూటర్ కూడా ఉన్నారు కాబట్టి Reply all నొక్కింది. కోఆర్డినేటర్ సెలవులో ఉంటే రెండోవాళ్లు చూసుకుంటారు.

ఇందులో మొదటి పేరా ఒక్కటే చదివి కోఆర్డినేటర్ ఇన్వైట్ పంపేయవచ్చు. రెండో పేరా దాన్ని ఆపదు. "తర్వాత పంపినా ఇబ్బంది లేదు" అన్న మాటను మీ మెయిల్‌లో తప్పకుండా పెట్టండి. ఆ మాట లేకపోతే, ప్రశ్నలకు జవాబు దొరికాకే ఇన్వైట్ పంపాలేమో అనుకుని పక్కన పెట్టేవాళ్లు ఉంటారు.

ప్రశ్న అడిగిన తీరు కూడా చూడండి. "ఇంటర్వ్యూ ఎలా ఉంటుంది?" అని అడిగితే "టెక్నికల్ డిస్కషన్ ఉంటుంది" అని జవాబు వస్తుంది. అది మీకు దేనికీ పనికిరాదు. ఆమె రెండు దారులు చూపించి, ఇదా అదా అని అడిగింది. అలాంటి ప్రశ్నకు కోఆర్డినేటర్ ఒక్క మాటలో జవాబు ఇవ్వగలదు. తనకు తెలియకపోయినా మేనేజర్‌కి ఆ వాక్యం అలాగే ఫార్వర్డ్ చేయగలదు. మీ రంగంలో ఆ రెండు దారులు ఏవో మీరు చూసుకోండి. అకౌంట్స్ పోస్టు అయితే ఎక్సెల్‌లో ఏదైనా చేసి చూపించాలా, లేక మాటల్లోనేనా అని అడగొచ్చు. టీచర్ పోస్టు అయితే డెమో క్లాసు ఉంటుందా, ఉంటే ఏ తరగతికి, ఎన్ని నిమిషాలు అని అడగొచ్చు.

ఎవరెవరు ఉంటారన్న ప్రశ్నలోనూ ఒక కిటుకు ఉంది. కొన్ని కంపెనీలు ఇంటర్వ్యూ చేసేవాళ్ల పేర్లు ముందుగా చెప్పవు. అభ్యర్థులు వాళ్లకు నేరుగా మెసేజ్‌లు పెడతారని ఒక కారణం, చివరి నిమిషంలో మనుషులు మారతారని ఇంకో కారణం. పేర్లు మాత్రమే అడిగితే "చెప్పలేం" అని అక్కడితో ఆగిపోతుంది. రోల్ చెప్పినా చాలంటే దాదాపు ఎప్పుడూ చెబుతారు. నిజానికి ప్రిపరేషన్‌కి కావాల్సింది కూడా రోలే.

ఎలాగో ఆమె కేసులోనే చూద్దాం. జవాబు ఇలా వచ్చిందనుకోండి: "45 నిమిషాలు షేర్ చేసిన స్క్రీన్ మీద ఎస్‌క్యూఎల్, 15 నిమిషాలు మీ ప్రశ్నలు. టీమ్ లీడ్, ఒక సీనియర్ ఎనలిస్ట్ ఉంటారు." ఇప్పుడు మిగిలిన మూడు రాత్రులు ఏం చేయాలో ఆమెకు తెలుసు. రోజూ వాడే ఎడిటర్‌లో కాకుండా, సగం టైప్ చేయగానే మిగతాది అదే పూర్తి చేసే సదుపాయం లేని ఖాళీ పేజీలో క్వెరీలు రాయాలి. రాస్తూ పైకి చెప్పడం అలవాటు చేసుకోవాలి. "ప్రతి నగరంలో ఎక్కువగా అమ్ముడైన మూడు వస్తువులు తీయండి" లాంటి ప్రశ్న వస్తే, రాసే ముందే "రెండు వస్తువులు సమానంగా అమ్ముడైతే రెండూ కావాలా, ఒకటే కావాలా?" అని అడగాలి. ఎందుకంటే `ROW_NUMBER` వాడితే సమానంగా ఉన్నవాటికీ వేరువేరు నంబర్లు వస్తాయి, `RANK` వాడితే ఒకే నంబర్ వస్తుంది. సీనియర్ ఎనలిస్ట్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఆ ఒక్క ప్రశ్నకు చాలా విలువ ఉంటుంది. అతను రోజూ తలపట్టుకునేది అలాంటి వాటితోనే.

అదే జవాబులో "హైరింగ్ మేనేజర్, ప్రొడక్ట్ మేనేజర్ ఉంటారు, చర్చ మాత్రమే" అని వచ్చిందనుకోండి. అప్పుడు ఆ మూడు రాత్రులు క్వెరీలు రాస్తూ కూర్చోవడం వృథా. ప్రొడక్ట్ మేనేజర్‌కి మీ కోడ్‌తో పనిలేదు. మీ రిపోర్టు చూసి ఎవరు ఏ నిర్ణయం మార్చుకున్నారో తెలియాలి. ఒక ప్రాజెక్టు తీసుకుని, సమస్య ఏమిటి, ఏ లెక్క తీశాం, ఆ లెక్కలో నమ్మలేని భాగం ఏది, చివరికి ఏం మారింది అని ఐదు నిమిషాల్లో చెప్పేలా సిద్ధం కావాలి. అంకెలు నోటికి రావాలి.

ఇక హెచ్‌ఆర్, డైరెక్టర్ ఉంటారని, అరగంటేనని వస్తే మాట ఎటు వెళుతుందో ఊహించవచ్చు. ఎందుకు మారుతున్నారు, నోటీస్ పీరియడ్ ఎంత, ఎంత ఆశిస్తున్నారు. మన దగ్గర చాలా ఐటీ కంపెనీల్లో నోటీస్ 90 రోజులు ఉంటుంది. దాన్ని తగ్గించుకోగలరా, మిగిలిన రోజులకు జీతం కట్టి బయటపడే వీలుందా అన్నది మీ ఆఫర్ లెటర్ తీసి ముందే చదువుకోవాలి. అక్కడ కూర్చుని "కనుక్కుని చెబుతానండీ" అంటే ఆ అరగంట సగం వృథా అవుతుంది.

కొన్నిచోట్ల మీ టీమ్‌కి సంబంధం లేని మనిషి కూడా ఉంటారు. అమెజాన్‌లో అలాంటివాళ్లను బార్ రైజర్ అంటారు. వేరే టీమ్ నుంచి వచ్చి, కంపెనీ మొత్తం స్థాయికి మీరు సరిపోతారా అని చూస్తారు. ఆ మనిషికి మీ టీమ్ వాడే పదాలు తెలియకపోవచ్చు. అలాంటి వాళ్లుంటారని తెలిస్తే, మీ పని గురించి బయటివాళ్లకు చెప్పినట్టు చెప్పడం ఇంట్లోనే ప్రాక్టీస్ చేయవచ్చు.

పేర్లు చెబితే ఏం చేయాలి? వాళ్లు ఏ పని చేస్తారో చూడండి, అక్కడితో ఆపండి. ఇంటర్వ్యూకి ముందు లింక్డ్‌ఇన్‌లో కనెక్షన్ రిక్వెస్ట్ పంపకండి, మెసేజ్ పెట్టకండి. కంపెనీలు పేర్లు దాచడానికి ఇదీ ఒక కారణమని ఇందాకే చెప్పాను.

ఈ మెయిల్‌లో అడగకూడనివి కొన్ని ఉన్నాయి. జీతం, సెలవులు, ఇంకెన్ని రౌండ్లు, వర్క్ ఫ్రమ్ హోమ్. ఇవి తప్పు ప్రశ్నలు కావు. కానీ ఇప్పుడు అడిగితే రెండు ప్రశ్నలు ఆరు అవుతాయి, మీకు నిజంగా కావాల్సిన రెండింటికీ జవాబు రాదు. ఏ ప్రశ్నలు వస్తాయో, సిలబస్ ఏమిటో చెప్పమని కూడా అడగకండి. పద్ధతి అడగడం వేరు, పేపర్ అడగడం వేరు. చదివేవాళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

నేరుగా వెళ్లే ఇంటర్వ్యూ అయితే ప్రశ్నలు కొంచెం మారతాయి. పాశమైలారం వైపు ఏదో మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ పోస్టుకు పిలిచారనుకుందాం. అక్కడ రాత పరీక్ష ఉంటుందా, ల్యాబ్‌లోకి తీసుకెళతారా అన్నది పద్ధతి. క్యూసీ హెడ్ ఒక్కరేనా, క్వాలిటీ అష్యూరెన్స్ వాళ్లు కూడా ఉంటారా అన్నది మనుషుల సంగతి. క్వాలిటీ అష్యూరెన్స్ వాళ్లు ఉంటే పరికరం ఎలా నడుపుతావు అన్నదానితో ఆగరు. రిజల్ట్ హద్దు దాటితే ముందు ఎవరికి చెబుతావు, ఎక్కడ రాస్తావు, మళ్లీ టెస్ట్ చేసే ముందు ఏం చూస్తావు అని అడుగుతారు. వీటితో పాటు ఒక మూడో ప్రశ్న ఇక్కడ అవసరం: ఏ గేటు దగ్గరికి రావాలి, గేట్ పాస్‌కి ఏ ఐడీ తేవాలి? ఫోన్ సెక్యూరిటీ దగ్గరే పెట్టమంటే లోపలికి వెళ్లాక మీరు ఎవరికీ కాల్ చేయలేరు. అందుకే కలవాల్సిన మనిషి పేరు, ఎక్స్‌టెన్షన్ కాగితం మీద రాసుకుని వెళ్లాలి.

ఇంకో సంగతి, దీని గురించి మన దగ్గర తక్కువ మాట్లాడతారు. వినికిడి తక్కువ ఉన్నవాళ్లకు, నత్తి ఉన్నవాళ్లకు, చూపు సమస్య ఉన్నవాళ్లకు ఈ రెండు ప్రశ్నలు ఇంకా ముఖ్యం. పెదాల కదలిక చూసి అర్థం చేసుకునే మనిషికి స్క్రీన్ మీద ఒకరుండటం, ముగ్గురుండటం ఒకటి కాదు. అలాంటప్పుడు ఇదే మెయిల్‌లో ఒక వాక్యం చేర్చండి: "నాకు వినికిడి తక్కువ. అందరూ కెమెరా ఆన్‌లో ఉంచి, మీటింగ్‌లో క్యాప్షన్లు పెడితే నాకు వీలుగా ఉంటుంది." బతిమాలే స్వరం అక్కర్లేదు. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తగిన సర్దుబాటును హక్కుల్లో భాగంగానే చూస్తుంది. ముందే చెబితే ఏర్పాటు చేయడానికి టైము ఉంటుంది. ఇంటర్వ్యూ మొదలయ్యాక చెబితే మీకూ టెన్షన్, వాళ్లకూ టెన్షన్.

ఇందాక ఒక తమ్ముడు చీటీ పంపాడు. "మేడమ్, మాకు మెయిల్ రాదు, కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేసి రేపు 11కి అంటారు, అప్పుడేం చేయాలి?" అని. మంచి ప్రశ్న. ఫోన్‌లో "సరేనండీ, రేపు 11కి వీలవుతుంది" అని ఒప్పుకోండి. వెంటనే వాళ్ల వాట్సాప్‌కో మెయిల్‌కో ఇదే సంగతి రాసి పంపండి: ఏ కంపెనీ, ఏ పోస్టు, తేదీ, టైము, ఆ కింద మీ రెండు ప్రశ్నలు. కన్సల్టెన్సీ వాళ్లకు చాలాసార్లు లోపలి వివరాలు తెలియవు. వాళ్ల మీద చిరాకు పడి లాభం లేదు. "కంపెనీ పంపిన ఇన్వైట్ నాకు ఫార్వర్డ్ చేయగలరా?" అని అడగండి. అందులో సగం జవాబులు దొరుకుతాయి.

ఈ ప్రశ్నలకు ఇంకో ఉపయోగం కూడా ఉంది. దొంగ ఉద్యోగాలవాళ్లు వీటికి నిలబడరు. ఇంటర్వ్యూ ఎవరు చేస్తారంటే పేరూ రోలూ చెప్పరు, టెలిగ్రామ్ చాట్‌లోనే అంతా అంటారు, వీడియో వద్దంటారు, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజనో లాప్‌టాప్ డిపాజిట్ అనో డబ్బు అడుగుతారు. డబ్బు అడిగిన నిమిషంలోనే వదిలేయండి. అప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్.

చివరిగా, మీరు రాశారు, ఇన్వైట్ వచ్చింది, కానీ ప్రశ్నలకు జవాబు రాలేదు. ఇలా చాలా జరుగుతుంది. గుర్తుచేసే ముందు ఆ ఇన్వైట్‌ని పూర్తిగా తెరవండి. గూగుల్ క్యాలెండర్‌లో గానీ అవుట్‌లుక్‌లో గానీ ఎవరెవరిని పిలిచారో ఆ జాబితా చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది. పంపినవాళ్లు దాచి ఉంటే తప్ప. వివరణలో షేర్డ్ ఎడిటర్ లింక్ ఉంటే లైవ్‌గా రాయాల్సి ఉందని అర్థం. అప్పుడు పద్ధతి గురించి మళ్లీ అడగక్కర్లేదు, ఆ లింక్ మీ లాప్‌టాప్‌లో తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. అక్కడా ఏమీ లేకపోతే ముందు రోజు మధ్యాహ్నం అదే మెయిల్‌కి ఒక్క వాక్యం రాయండి: "రేపటి ఇంటర్వ్యూకి సిద్ధంగా ఉన్నాను. ఎడిటర్ ఏదైనా ముందే ఇన్‌స్టాల్ చేసుకోవాలా?" పాత ప్రశ్న మళ్లీ అడగకుండా దాన్ని ఇలా చిన్నది చేసి అడిగితే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. రాకపోతే వదిలేసి, రెండు దారులకూ కొంచెం కొంచెం సిద్ధమవండి.

ఇన్వైట్‌లో Yes నొక్కడం మర్చిపోకండి. మెయిల్‌లో ఒప్పుకున్నాం కదా అని చాలామంది నొక్కరు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీ మెయిల్ చూడరు, క్యాలెండర్ మాత్రమే చూస్తారు. అక్కడ మీ పేరు పక్కన జవాబు లేకపోతే వచ్చేదీ రానిదీ వాళ్లకు తెలియదు. నొక్కే ముందు ఇన్వైట్‌లో ఉన్న టైమునూ, మీరు మెయిల్‌లో రాసిన టైమునూ పక్కపక్కన పెట్టి చూడండి. అది రాత్రి 9 అని, మీది 8 అని ఉంటే, Yes నొక్కకుండా ముందు కోఆర్డినేటర్‌కి రాయండి.